వాక్యానికి చెట్టు గీద్దాం, చివరి నుంచి

ఒక వాక్యం తీసుకుందాం. “నిన్న విజయవాడ నుంచి వచ్చిన మా మేనత్త అన్నం తిని, తాను కొన్న చీర అమ్మకు చూపించి, వాన తగ్గితే రేపు పొద్దున్నే బయల్దేరతానని చెప్పింది.” ఇంట్లో రోజూ మాట్లాడుకునే మాటే. కానీ చివర్లో ఉన్న ‘అని’ని పక్కన పెట్టినా ఇందులో ఏడు క్రియలున్నాయి. బడిలో దీన్ని సంక్లిష్ట వాక్యమని గుర్తిస్తే మార్కు పడిపోతుంది. ఏ మాట ఏ క్రియకు చెందిందో మాత్రం ఎవరూ అడగరు. అది తేల్చడానికే వాక్యానికి చెట్టు గీస్తారు.

ఈ చెట్టును రెండు రకాలుగా గీయవచ్చు. 1957లో వచ్చిన చామ్‌స్కీ పుస్తకంతో పేరుపడ్డ పద్ధతిలో, వాక్యాన్ని ముందు కర్త భాగం, క్రియ భాగం అని రెండుగా చీల్చి, ఆ ముక్కలను మళ్లీ చీలుస్తూ పోతారు. రెండో పద్ధతిలో క్రియ పైన కూర్చుంటుంది, మిగతావన్నీ దానికి వేలాడతాయి. పాణిని కారకాల ఆలోచన దీనికి దగ్గర. తెలుగు పాఠానికి నా ఓటు రెండోదానికే. మన వాక్యంలో ఆధారపడే మాట ముందు వస్తుంది, ఆధారమిచ్చే మాట తర్వాత వస్తుంది. అందుకే చివరి నుంచి మొదలుపెట్టాలి.

చివర ఉన్నది ‘చెప్పింది’. ఎవరు చెప్పింది? మేనత్త. ఏమని చెప్పింది? బయల్దేరతానని. పిల్లలు మొదట తడబడేది ఇక్కడే. ‘బయల్దేరతాను’ కూడా పూర్తి క్రియలాగే ఉంటుంది కదా, అదే ప్రధానమనుకుంటారు. కానీ ‘అని’ దాన్ని మూసేసి ‘చెప్పింది’కి అప్పగించింది. ‘ను’ ప్రత్యయంలో ఉన్న ‘నేను’ కూడా ఈ కథ చెబుతున్న మనిషి కాదు, మేనత్తే. మిగతా ఐదు క్రియలూ అసమాపకాలు, అంటే ఒంటరిగా వాక్యాన్ని ముగించలేనివి. మొత్తం గీస్తే ఇలా వస్తుంది:

```
చెప్పింది
├ మా మేనత్త
│  └ వచ్చిన ← నిన్న, విజయవాడ నుంచి
├ తిని ← అన్నం
├ చూపించి
│  ├ చీర ← కొన్న ← తాను
│  └ అమ్మకు
└ అని ← బయల్దేరతాను
     ├ తగ్గితే ← వాన
     └ రేపు పొద్దున్నే
```

‘వచ్చిన’, ‘కొన్న’ రెండూ ధాతుజ విశేషణాలే, రూపం ఒకటే. లోపల మాత్రం తేడా ఉంది. వచ్చింది అత్త, అంటే ఆమె ఆ క్రియకు కర్త. చీర కొనలేదు, దాన్ని కొన్నారు, అంటే అది కర్మ. ఈ తేడా ప్రత్యయంలో కనబడదు. కాబట్టి ఆ కొమ్మను విడదీసి చిన్న వాక్యంగా చెప్పించాలి: “అత్త వచ్చింది”, “అత్త చీర కొంది”. ‘తిని’, ‘చూపించి’ క్త్వార్థకాలు. వీటి కర్త సాధారణంగా ప్రధాన క్రియ కర్తే కాబట్టి మళ్లీ రాయనక్కర్లేదు. సాధారణంగా అనడానికి కారణం ఉంది. “వాన కురిసి చెరువు నిండింది” అన్నప్పుడు కురిసింది వాన, నిండింది చెరువు. కారణం చెప్పే చోట ఆ నియమం సడలుతుంది.

గీసింది సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? ఒక కొమ్మను మొత్తంగా పట్టుకుని కదిలించి చూడాలి. “తాను కొన్న చీర” కలిసికట్టుగా ‘అమ్మకు’ తర్వాతికి జరుగుతుంది. “చీర అమ్మకు” అన్నది అలా కదలదు, ఎందుకంటే అది ఒక కొమ్మ కాదు, పక్కపక్కన పడ్డ రెండు మాటలు. అయితే ఆ జరపడంలోనూ ఒక మెలిక ఉంది. “అమ్మకు తాను కొన్న చీర చూపించి” అంటే, చీర అమ్మ కోసమే కొన్నదని కూడా అర్థం రావచ్చు. ‘అమ్మకు’ అనే మాట ‘చూపించి’ని వదిలి ‘కొన్న’కు వేలాడినట్టన్నమాట.

ఇక ‘నిన్న’ సంగతి. పై చెట్టులో దాన్ని ‘వచ్చిన’ కింద పెట్టాను. ‘చెప్పింది’ కిందా పెట్టవచ్చు. అప్పుడు చెప్పడం నిన్న జరిగింది, రావడం ఎప్పుడో తెలియదు. పలికేటప్పుడు ‘నిన్న’ తర్వాత కాస్త ఆగితే ఆ రెండో అర్థం తేలిగ్గా వస్తుంది. రాతలో ఆ ఆగడం లేదు కాబట్టి రెండు చెట్లూ సరైనవే. ‘రేపు పొద్దున్నే’కి మాత్రం ఆ వీలు లేదు. అది ‘తగ్గితే’ తర్వాత వచ్చింది కనుక దానికి వేలాడదు. “రేపు పొద్దున్నే వాన తగ్గితే” అని ఉంటే వేలాడేది.

ఈ పాఠం చెప్పే మాస్టార్లకు ఒక్క విన్నపం. ‘నిన్న’ను ఎక్కడ పెట్టినా, ఎందుకలా పెట్టారో పిల్లలు చెప్పగలిగితే పూర్తి మార్కులు వేయండి.