లాండ్రీకి ఎన్ని కిలోవాట్లు? లెక్క బాయిలర్‌తోనే మొదలు

తిరుపతి: యాత్రికుల రద్దీ ఉన్న పట్టణంలో లాండ్రీకి పనికి కొదవ ఉండదు. లాడ్జీలు, అతిథి గృహాల నుంచి రోజూ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు మూటలుగా వస్తుంటాయి. బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో నడిచిన దుకాణాన్ని బాయిలర్, ఆవిరి ఇస్త్రీ పెట్టెలు, పెద్ద వాషింగ్ మెషీన్లతో విస్తరించాలనుకునే వారికి ఎదురయ్యే తొలి ప్రశ్న విద్యుత్తు కనెక్షన్‌దే. ఎన్ని కిలోవాట్లకు దరఖాస్తు చేయాలి? తక్కువకు తీసుకుంటే బ్రహ్మోత్సవాల రద్దీలో మెయిన్ స్విచ్ పడిపోయి పని ఆగుతుంది. ఎక్కువకు తీసుకుంటే వాడినా వాడకున్నా కిలోవాట్ల లెక్కన నెలనెలా స్థిర చార్జీ కట్టాలి. ఈ రెంటి మధ్య సరైన అంకెను యంత్రాలు కొన్న తరువాత కాదు, కొనే ముందే తేల్చుకోవాలి.

మోటార్లు కాదు, హీటర్లే కీలకం

వాషింగ్ మెషీన్ చూడడానికి పెద్దదిగా ఉంటుంది కనుక విద్యుత్తు అంతా అదే లాగుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. 15 కిలోల బట్టలు పట్టే మెషీన్‌ను తిప్పే మోటారుకు ఒకటిన్నర కిలోవాట్ల వరకు సరిపోతుంది. అదే మెషీన్‌లో నీటిని కాచే హీటరు 6 నుంచి 9 కిలోవాట్లు తీసుకుంటుంది. లాండ్రీలో విద్యుత్తు ప్రధానంగా వేడి కోసమే ఖర్చవుతుంది.

ఆవిరి విషయమూ అంతే. మామూలు వేడిలో ఉన్న ఒక కిలో నీటిని ఇస్త్రీకి పనికివచ్చే పీడనంతో ఆవిరిగా మార్చడానికి దాదాపు 0.73 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఇది ప్రకృతి విధించిన లెక్క. ఏ కంపెనీ బాయిలర్ అయినా దీనికి లోబడే పనిచేయాలి. కాబట్టి 9 కిలోవాట్ల బాయిలర్ గంటకు 12 కిలోలకు మించి ఆవిరి ఇవ్వలేదు. ఒక్కో ఆవిరి ఇస్త్రీ పెట్టె నిరాటంకంగా నడిస్తే గంటకు 3 నుంచి 5 కిలోల ఆవిరి తీసుకుంటుంది. అంటే ఈ బాయిలర్‌పై రెండు పెట్టెలు హాయిగా, మూడు పెట్టెలు ఇబ్బందిగా నడుస్తాయి. ముందుగా ఇస్త్రీ పెట్టెల సంఖ్య, దాన్నిబట్టి ఆవిరి, దాన్నిబట్టి బాయిలర్ కిలోవాట్లు తేల్చుకోవడం సరైన వరస.

బాయిలర్ నుంచి ఆవిరి అందుకునే ఇస్త్రీ పెట్టెకు స్వంతంగా పెద్ద లోడు ఉండదు. అడుగు పలకను వేడిగా ఉంచే చిన్న హీటరుకు 800 వాట్లు సరిపోతాయి. పెట్టె కింద ఉండే వ్యాక్యూమ్ టేబుల్ ఆవిరిని పీల్చి బట్టను ఆరబెడుతుంది. దాని మోటారు ఒక హార్స్‌పవర్ ఉంటుంది.

ఒక దుకాణం లెక్క

రెండు ఆవిరి ఇస్త్రీ పెట్టెలు, రెండు టేబుళ్లు, 15 కిలోల వాషింగ్ మెషీన్లు రెండు, 9 కిలోవాట్ల బాయిలర్ ఉన్న దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. బాయిలర్ హీటరు 9, దానికి నీరందించే పంపు 0.4 కిలోవాట్లు. ఇస్త్రీ పెట్టెలు రెండూ కలిపి 1.6. టేబుళ్ల మోటార్లు 1.5. వాషింగ్ మెషీన్ల మోటార్లు 3, వాటి హీటర్లు ఒక్కొక్కటి 6 చొప్పున 12. నీటి మోటారు, దీపాలు, ఫ్యాన్లకు మరో 1.25. అన్నీ కలిపితే 28.75 కిలోవాట్లు, అంటే సుమారు 29. ఇందులో 21 కిలోవాట్లు బాయిలర్, మెషీన్ల హీటర్లవే కావడం గమనించదగ్గది.

మోటారు నేమ్‌ప్లేటుపై ఉండే హార్స్‌పవర్ అది చేసే పనికి కొలత. అది లాగే విద్యుత్తు అంతకంటే ఎక్కువ. చిన్న మోటారు విషయంలో ఒక హార్స్‌పవర్‌కు ఒక కిలోవాట్ వేసుకుంటే, తీగల మందం లెక్కించేటప్పుడు పొరపాటు రాదు.

ఇంతటి లోడుకు మూడు ఫేజుల కనెక్షన్ తప్పదు. 29 కిలోవాట్లూ ఒకేసారి నడిస్తే ప్రతి ఫేజులో దాదాపు 42 ఆంపియర్లు ప్రవహిస్తాయి. మీటరు నుంచి వచ్చే ప్రధాన తీగకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి అంచున నిలుస్తుంది. 16 అయితే రోజంతా నడిచినా వేడెక్కదు.

లోడు తగ్గించే మార్గాలు

ఈ 29 కిలోవాట్లను అలాగే అంగీకరించనవసరం లేదు. మొదటి మార్గానికి ఖర్చు స్వల్పం. రెండు మెషీన్ల హీటర్లు ఒకేసారి పనిచేయకుండా ఛేంజోవర్ స్విచ్ అమర్చుకోవచ్చు. 60 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి 2.2 యూనిట్లు కావాలి. 6 కిలోవాట్ల హీటరుకు 22 నిమిషాలు పడుతుంది. ఒక మెషీన్ ఉతుకుతుండగా రెండోది నీరు కాచుకుంటే పనికి ఆటంకం ఉండదు. ఒకేసారి పడే లోడు 23 కిలోవాట్లకు, ఆంపియర్లు 34కు దిగుతాయి. అయితే ఈ ఏర్పాటును పరిగణించి ఒప్పందపు లోడును తగ్గించి రాస్తారా లేదా అన్నది దరఖాస్తు వేళే విద్యుత్తు సంస్థ ఏఈకి చూపించి తేల్చుకోవాలి. స్విచ్ ఉందన్న ధీమాతో తక్కువ లోడుకు సంతకం చేయడం తగదు.

రెండో మార్గం బాయిలర్‌ను గ్యాస్‌పై నడపడం. లోడులో ఏకంగా 9 కిలోవాట్లు తగ్గుతాయి. ఛేంజోవర్ స్విచ్ కూడా ఉంటే దుకాణం మొత్తం 14 కిలోవాట్లతో నడుస్తుంది. మూడో మార్గం మిద్దెపై సౌర నీటి హీటరు. ఎండ పుష్కలంగా ఉండే ఈ ప్రాంతంలో మెషీన్లకు వేడి నీరు దాదాపు ఉచితంగా అందుతుంది. కానీ మబ్బు రోజున మెషీన్ హీటర్లే దిక్కు కాబట్టి, సౌర హీటరు బిల్లును తగ్గిస్తుందే తప్ప కనెక్షన్ పరిమాణాన్ని తగ్గించదు. బాయిలర్‌కూ ఇదే వర్తిస్తుంది. పీడనం చేరగానే హీటరు ఆగి, తగ్గగానే మళ్లీ వెలుగుతుంది. సగటు వాడకం 5 కిలోవాట్లే ఉండవచ్చు. అయినా వెలిగిన ప్రతిసారీ తీగలో 9 కిలోవాట్లూ ప్రవహిస్తాయి. సగటు బిల్లును నిర్ణయిస్తుంది. గరిష్ఠం తీగను, స్విచ్‌ను, కనెక్షన్‌ను నిర్ణయిస్తుంది.

వానాకాలం గుర్తుండాలి

వేసవిలో కనెక్షన్ తీసుకున్నవారు తరచూ మరిచేది బట్టలు ఆరబెట్టే యంత్రం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు తెస్తాయి. మిద్దెపై దుప్పట్లు ఆరని ఆ రోజుల్లో విద్యుత్తు డ్రయ్యర్ కొంటే, 15 కిలోల యంత్రానికే 12 నుంచి 18 కిలోవాట్లు అదనంగా కావాలి. 29 కిలోవాట్ల దుకాణం ఒక్కసారిగా 41 నుంచి 47 కిలోవాట్లకు చేరుతుంది. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ 63 కేవీఏదైతే, దానిపై ఇతర ఇళ్లు, దుకాణాలూ ఉండగా ఇంత లోడు కుదరకపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచాల్సి వస్తే ఆ అంచనా వ్యయం, సమయం వేరు. డ్రయ్యర్ ఆలోచన ఉంటే గ్యాస్‌దా, విద్యుత్తుదా అన్నది ముందే నిశ్చయించుకోవాలి.

దరఖాస్తు వేళ

తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసేటప్పుడు యంత్రాల జాబితాను నేమ్‌ప్లేటు అంకెలతో రాసి జతచేస్తే పరిశీలన సులువవుతుంది. ఏ కేటగిరీ కింద బిల్లు వస్తుందో, స్థిర చార్జీ కిలోవాట్‌కు ఎంతో రాష్ట్ర విద్యుత్తు నియంత్రణ మండలి ఏటా ఇచ్చే టారిఫ్ ఉత్తర్వులో ఉంటుంది; దాన్ని చూసుకున్నాకే అంకె వేయాలి. తరువాత చెప్పకుండా యంత్రాలు కలిపినట్లు తనిఖీలో తేలితే అదనపు లోడుకు అభివృద్ధి చార్జీలు, డిపాజిట్ కట్టి క్రమబద్ధీకరించుకోవలసిందే.

బాయిలర్ కొనేటప్పుడు దాని నీటి సామర్థ్యాన్నీ అడగాలి. 25 లీటర్ల లోపు చిన్న బాయిలర్లు బాయిలర్ల చట్టం-2025 పరిధిలోకి రావు. అంతకు మించితే, పీడనాన్నిబట్టి, రిజిస్ట్రేషన్, తనిఖీలు అవసరం కావచ్చు.

బాయిలర్ చెప్పే గుర్తులు

కనెక్షన్ సరిపోతున్నదీ లేనిదీ ఉదయం బాయిలర్ పీడనం చేరే సమయాన్నిబట్టి తెలుసుకోవచ్చు. 20 లీటర్ల నీటితో 9 కిలోవాట్ల బాయిలర్ మూడు బార్ పీడనానికి 20 నిమిషాలకు కాస్త అటూ ఇటుగా చేరుతుంది. కొత్తలో పట్టిన సమయాన్ని గోడపై రాసి ఉంచితే మంచిది. అది అరగంటకు పెరిగితే కారణం రెండింటిలో ఒకటి. ఒకటి వోల్టేజీ తగ్గడం. 240 వోల్టులకు చేసిన హీటరుకు 200 మాత్రమే అందితే 9 కిలోవాట్లు కాస్తా ఆరుంబావుకు పడిపోతాయి. రెండోది, బాయిలర్‌లోని మూడు కడ్డీల్లో ఒకటి కాలిపోవడం. బోరు నీటి సున్నం పేరుకున్న చోట ఇది తరచూ జరుగుతుంది.

ఈ రెంటికీ తేడా ఎలక్ట్రీషియన్ వద్ద ఉండే క్లాంప్ మీటరు చెబుతుంది. మూడు కిలోవాట్ల ఒక్కో కడ్డీ సరైన వోల్టేజీ వద్ద పన్నెండున్నర ఆంపియర్లు తీసుకోవాలి. మూడు ఫేజుల్లోనూ పది చొప్పున చూపితే సరఫరా లోపం. విద్యుత్తు కార్యాలయానికి ఫిర్యాదు చేయాలి. రెండు ఫేజుల్లో పన్నెండున్నర ఉండి మూడో దానిలో సున్నా ఉంటే కడ్డీ పోయినట్లే.

మొత్తం లోడు పరిమితిలోనే ఉన్నా ఒకే ఫేజు స్విచ్ పదేపదే పడిపోతుంటే ఇస్త్రీ పెట్టెలు, నీటి మోటారు, దీపాలు అన్నీ ఒకే ఫేజుపై చేరి ఉంటాయి. వాటిని మూడింటికీ సమంగా పంచితే చాలు; కొత్త కనెక్షన్ అవసరం రాదు. తడి నేలపై పనిచేసే చోటు కనుక షాక్ నుంచి రక్షించే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ లేకుండా మెషీన్లను ఆన్ చేయరాదు. ఆర్‌సీసీబీ పడిపోతే అది లోడు ఎక్కువై కాదు, ఎక్కడో విద్యుత్తు కారుతున్నందువల్ల. ఆ స్థితిలో దాన్ని తీసేసి నేరుగా కలపడం ప్రాణాంతకం. హీటర్లను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే తడిసిన కడ్డీ ఏదో బయటపడుతుంది.