ఆ ‘జ్ఞా’ను మాత్రం మెయిల్లో పెట్టకండి

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొడుతోందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. మెసేజ్‌లో ‘జ్ఞా’ కనిపిస్తే చాలు, ఆప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. మరి తెలుగువాళ్లెవరైనా ఫోన్ తీసి ‘జ్ఞానం’ అని కొడితే? ఏమీ అయ్యేది కాదు. మన భాషలో రోజూ వాడే అక్షరమే అది. దానికే ఫోన్లు పడిపోయేటట్టయితే తెలుగునాట ఒక్క ఐఫోనూ మిగలకూడదు.

కిటుకు కంటికి కనిపించని చోట ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట కింద వ వత్తుగా పడకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతాం. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, కంప్యూటర్ లెక్కలో U+200C. పొల్లు తర్వాత రావాల్సిన ఆ గుర్తు, ఫోన్లను పడగొట్టిన ‘జ్ఞా’లో వత్తుకూ దీర్ఘానికీ మధ్య వచ్చి కూర్చుంది. చూడ్డానికి రెండు ‘జ్ఞా’లూ ఒకటే.

ఆ వారంలో ఏదో చాట్ ఆప్ టీమ్‌లో ఒకరు పక్క సీటు ఇంజినీరుకు ఈ బగ్ గురించి మెయిల్ రాయాల్సి వచ్చిందనుకుందాం. ‘తెలుగు మెసేజ్ వస్తే ఆప్ క్రాష్ అవుతోంది, అర్జెంటుగా చూడండి’ అని రాస్తే అవతలివారు ‘నమస్కారం’ అని కొట్టి, ‘నా దగ్గర బాగానే ఉంది’ అని జవాబిస్తారు. పోనీ ఆ అక్షరాన్నే మెయిల్లో అతికిస్తే? దాన్ని తెరిచిన ఐఫోన్‌లో మెయిల్ ఆప్ కూడా పడిపోవచ్చు. రిపోర్టే బగ్ అయి కూర్చుంటుంది!

మన ఆఫీసుల్లో ఇలాంటివి ఇంగ్లీషులోనే నడుస్తాయి కానీ, నేనైతే ఇలా రాస్తాను:

విషయం: ఐఓఎస్ 11.2.5లో ఒక మెసేజ్ వచ్చాక చాట్ ఆప్ తెరుచుకోవడం లేదు

నమస్తే అండీ, క్రాష్ చేసే అక్షరాన్ని కావాలనే ఇందులో పెట్టలేదు. కింది స్ట్రింగ్‌ను సర్వర్ నుంచి టెస్ట్ అకౌంట్‌కు పంపండి. మ్యాక్‌లో ప్రింట్ చేసి చూడొద్దు, అక్కడా పడిపోతోంది.

```
s = "\u0c1c\u0c4d\u0c1e\u200c\u0c3e"
```

1. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌లో ఆ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి.
2. చాట్ లిస్టు తెరవండి. మెసేజ్ తెరవక్కర్లేదు, ప్రివ్యూ కనబడితే చాలు.

అక్షరం కనిపించాలి. దానికి బదులు ఆప్ మూసుకుపోతోంది. తిరిగి తెరిస్తే అదే ప్రివ్యూ వచ్చి మళ్లీ మూసుకుపోతోంది.

చేసి చూసినవి: కీబోర్డుతో మామూలుగా కొట్టిన ‘జ్ఞా’కు క్రాష్ లేదు. పై స్ట్రింగ్‌లో \u200c తీసేసినా లేదు. ఐఓఎస్ 11.3 బీటాలో అసలు రావడం లేదు. క్రాష్ లాగ్‌లో పై వరుసలు CoreTextవి, మన కోడ్‌వి కావు. బెంగాలీ, దేవనాగరి అక్షరాలతో ఇంకా చూడలేదు.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనది ‘క్రాష్ లేదు’ అన్న మాట. ఎప్పుడు పడిపోతుందో చెబితే బగ్ ఉందని మాత్రమే తెలుస్తుంది. ఒక్క \u200c తీయగానే ఆగిపోయిందంటే వెతకాల్సిన చోటు ఐదు గుర్తుల్లో ఒకదానికి కుదించుకుపోతుంది. బీటాలో రావడం లేదంటే తప్పు మన ఆప్‌ది కాదనీ, మరమ్మతు దారిలో ఉందనీ ఊహించవచ్చు. CoreText అంటే అక్షరాలను తెరమీద పేర్చే యాపిల్ భాగం. లాగ్‌లో ఆ పేరు కనబడడం ఆ ఊహకు బలం.

‘ఇంకా చూడలేదు’ అని ఒప్పుకోవడం కూడా ఊరికే పోదు. తర్వాత తవ్వినవాళ్లకు బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి కూర్పులే దొరికాయి. తెలుగు మీద పడ్డ నింద ఆ మేరకు తగ్గింది.

మెయిల్ అందుకున్నవారు ఒక తొందరపాటు పని చేసే ప్రమాదమూ ఉంది. తప్పు U+200Cదే కదా అని సర్వర్‌లో అన్ని మెసేజ్‌ల నుంచీ దాన్ని పీకేస్తే క్రాష్ ఆగుతుంది, కానీ ‘సాఫ్ట్‌వేర్’లో ట కింద వ వత్తు దిగబడుతుంది. ఫార్సీ చదివేవాళ్లకు అంతకంటే ఇబ్బంది, వాళ్ల రాతలో అడుగడుగునా ఆ గుర్తు అవసరం. హల్లుకూ అచ్చు గుర్తుకూ మధ్య ఉన్నప్పుడు మాత్రమే తీసేయాలి. ఆ సంగతి మెయిల్ చివర ఒక వాక్యంలో చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

అసలు మరమ్మతు 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 రూపంలో వచ్చింది. తప్పు CoreTextలోనే ఉందని యాపిల్ తన భద్రతా ప్రకటనలో రాసుకుంది.