కుండీకి వారానికో పావు తిప్పు

మా హాల్లో తూర్పు కిటికీ పక్కన పెట్టిన రబ్బరు మొక్క మూడు నెలలు తిరిగేసరికి వీధిలోకి తొంగిచూస్తున్నట్టు వంగిపోయింది. ఆకులన్నీ అద్దం వైపే. సోఫాలో కూర్చున్నవాళ్లకు కనిపించేది బోసి కాండమే. నీళ్లు చాలలేదేమోనని మా అత్తయ్య అనుమానం. నీళ్లకూ దీనికీ సంబంధం లేదు.

వెలుగు మొక్కను తన వైపు లాగుతుందని అనుకుంటాం గానీ, అసలు పని జరిగేది నీడ పక్కన. చిగురు దగ్గర తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కాండంలోకి దిగుతూ, వెలుగు ఒక పక్కనుంచే పడితే నీడ పక్కకు ఎక్కువగా చేరుతుంది. అక్కడి కణాలు బాగా సాగుతాయి. ఒక పక్క పొడుగై రెండో పక్క పొట్టిగా ఉండిపోతే కాండం వంగక ఏం చేస్తుంది? గడ్డి మొలకల కొసకు వెలుగు తగలకుండా టోపీ తొడిగితే అవి వంగడం లేదని చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1880లో అచ్చువేసిన పుస్తకంలో రాశారు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. వంగేది ఇంకా పెరుగుతున్న లేత భాగమే. ముదిరి చెక్కబారిన కాండం ఎటు వంగి ఉందో అటే ఉండిపోతుంది. నేను అది తెలియక వంగిన మొక్కను ఒక్కసారిగా వెనక్కి తిప్పి పెట్టాను. కింద పాత వంపు అలాగే ఉంది, పైన కొత్త చిగురు మళ్లీ కిటికీ వైపు మళ్లింది. నెల తిరిగేసరికి కాండం పాములా మెలిక పడింది.

అందుకే వంగకముందే మొదలుపెట్టాలి. కుండీ అంచు మీద సుద్దతో ఒక గీత గీయండి. వారానికోసారి, నీళ్లు పోసే రోజున, ఎప్పుడూ ఒకే దిశలో పావు వంతు తిప్పండి. అప్పుడు నెల రోజుల్లో నాలుగు పక్కలకూ వెలుగు వంతులవారీగా అందుతుంది. మిరప, టమాటా నారు లేతది, గంటల్లోనే వంగుతుంది కాబట్టి దాన్ని రోజూ తిప్పాలి.

అయితే కణుపుల మధ్య దూరం పెరిగి, కొత్త ఆకులు చిన్నవిగా, పాలిపోయి వస్తుంటే తిప్పినా లాభం లేదు. ఉన్న వెలుగే చాలడం లేదన్నమాట. కుండీని కిటికీకి దగ్గరగా జరపాలి. గార్డీనియా లాంటివి మొగ్గ మీద ఉన్నప్పుడు చోటు మారితే మొగ్గలు రాల్చేస్తాయి, పూలయ్యేదాకా వాటిని కదపకండి.

మా రబ్బరు మొక్కను చివరికి మెలికకు కిందుగా, ఒక కణుపుకు కాస్త పైన కోశాను. తెల్లటి పాలు కారాయి, తడిగుడ్డతో అద్దాను. కొన్ని వారాలకు కోతకు కింద ఎర్రటి మొన ఒకటి పొడుచుకొచ్చింది. ఆ రోజే కుండీ మీద మొదటి సుద్దగీత గీశాను.