ఎడమ చేతిని వినండి

పాశ్చాత్య సంగీతం వినే కొత్తలో బాఖ్, మోజార్ట్, షోపాన్ ముగ్గురూ ఒకేలా అనిపిస్తారు. అంతా పియానోనే, అంతా హాయిగానే ఉంటుంది. ఏది ఏ కాలానిదో మాత్రం పట్టుబడదు. అందుకు ఒక సులువైన దారి ఉంది. పైన వినిపించే పాటని కాసేపు వదిలేసి, కింద ఎడమ చెయ్యి ఏం చేస్తోందో వినాలి.

1600 నుంచి 1750 దాకా సాగినది బరోక్ కాలం. ఆ తర్వాత 1820 ప్రాంతం వరకు క్లాసికల్, అక్కడి నుంచి ఆ శతాబ్దం చివరి దాకా రొమాంటిక్. ఇవి గీత గీసినట్టు విడిపోయిన కాలాలు కావు. అయినా ఎడమ చేతి పని ఒక్కో కాలంలో ఒక్కో రకంగా మారుతూ వచ్చింది.

బాఖ్ 1723 నాటి ఇన్వెన్షన్లలో మొదటిది వినండి. నిమిషంన్నరలో అయిపోతుంది. శ్రుతి సి. మన శంకరాభరణం మెట్లే. కుడి చెయ్యి ఒక చిన్న మాట అంటుంది: స రి గ మ రి గ స ప. అది పూర్తవుతుండగానే ఎడమ చెయ్యి అదే మాటని ఒక స్థాయి కింద అందుకుంటుంది. మళ్లీ కుడి చెయ్యి పంచమం మీద మొదలుపెడితే ఎడమది దాని వెంటే వస్తుంది. ఇక్కడ పాడేవాళ్లు, పక్కవాద్యం అనే తేడా లేదు. ఇద్దరూ పాడేవాళ్లే. పైగా మొదలైన నడక చివరి దాకా ఆగదు. ఊపిరి తీసుకోవడానికి చోటు కోసం వెతికితే దొరకదు.

ఈ సమానత్వానికి వాద్యం కూడా ఒక కారణం. ఆనాటి ముఖ్యమైన వాద్యాల్లో ఒకటి హార్ప్సికార్డ్. అందులో మెట్టు నొక్కితే ఒక చిన్న ముల్లు తీగని మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దగా పెరగదు. కుడి చేతిని పైకి తేల్చి, ఎడమ చేతిని మెత్తగా అణిచి వాయించే వీలు అందులో లేదు.

పియానోలో తీగని సుత్తి కొడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. దాంతో ఒక చెయ్యి పాటయింది, రెండోది తోడయింది.

మోజార్ట్ 1788లో రాసిన సి మేజర్ సొనాటా, కె. 545, ఆ మార్పుని మొదటి క్షణంలోనే చూపిస్తుంది. ఎడమ చెయ్యి స ప గ ప, స ప గ ప అంటూ మెత్తగా తిరుగుతుంటుంది. దీన్ని ఆల్బర్టి బేస్ అంటారు. డొమెనికో ఆల్బర్టి అనే ఇటాలియన్ స్వరకర్త దీన్ని విరివిగా వాడాడు. పైన కుడి చెయ్యి రెండు కొలతల మాట అని కాస్త ఆగుతుంది, దానికి జవాబుగా మరో రెండు కొలతలు పలుకుతుంది. వింటూ ఆ విరామాల దగ్గర వేలితో బల్ల మీద తట్టి చూడండి. మోజార్ట్‌కి ఆ తట్టు సరిగ్గా కుదురుతుంది, బాఖ్ దగ్గర వేలు గాల్లోనే ఉండిపోతుంది. కొత్తవాళ్లకి ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష మరొకటి లేదు.

షోపాన్ దగ్గరికి వచ్చేసరికి ఎడమ చెయ్యి దూరాలు దూకుతుంది. 1832లో అచ్చయిన నాక్టర్న్, ఓపస్ 9లో రెండోది, వినండి. అడుగున ఒక లోతైన స్వరం మోగుతుంది, వెంటనే చెయ్యి పైకి ఎగిరి రెండు స్వరగుచ్ఛాలు పలికిస్తుంది. చెయ్యి వెళ్లిపోయినా కింది స్వరం ఆగిపోదు. పాదంతో పెడల్ నొక్కి ఉంచడం వల్ల తీగలు మోగుతూనే ఉంటాయి. ఒకదానిలో ఒకటి కలిసిన ఆ మోతే రొమాంటిక్ కాలపు ఆనవాలు. అసలు పాట మరో మూడుసార్లు తిరిగి వస్తుంది, వచ్చినప్పుడల్లా కొత్త అలంకారాలు తొడుక్కుని వస్తుంది. మన సంగతులు విన్న చెవికి ఇది పరాయిగా అనిపించదు. కుడి చెయ్యి కాలాన్ని కాస్త సాగదీస్తుంది, కాస్త తొందరపెడుతుంది. వెంట తాళం వేయబోతే చెయ్యి తప్పుతుంది.

ఇక పొరపాట్లు. బాఖ్‌ని ఈనాటి పియానో మీద పెడల్ వేసి వాయిస్తే చెవి మోసపోతుంది. అందుకే శబ్దపు రంగుని బట్టి తేల్చేయకూడదు. బీథోవెన్ 1801 నాటి మూన్‌లైట్ సొనాటా మొదటి భాగం కూడా చిక్కు పెట్టేదే. బాఖ్‌లా ఆగని నడక ఉంది, షోపాన్‌లా కలిసిన మోత ఉంది. కాలాన్ని బట్టి చూస్తే క్లాసికల్‌లో పడుతుంది, వినికిడి మాత్రం రొమాంటిక్ వైపు మొగ్గుతుంది.

అన్నిటికన్నా అందమైన చిక్కు గూనో పేరుతో వినిపించే ఆవే మరియా. కింద మృదువుగా సాగేది బాఖ్ 1722 నాటి సి మేజర్ ప్రెల్యూడ్. ఎనిమిది స్వరాల వరస, దాదాపు ప్రతి కొలతలోనూ రెండేసి సార్లు. దాని మీద 1850లలో ఫ్రెంచి స్వరకర్త షార్ల్ గూనో ఒక పొడవాటి, నిట్టూర్పులాంటి పాటని పరిచాడు. పైపాటనే వింటే పూర్తిగా రొమాంటిక్. చెవిని కిందికి దించితే, 130 ఏళ్ల ముందటి బాఖ్ తన నడకలో తాను వెళ్తూనే ఉంటాడు.