ఒకే కీ, రెండు గాంధారాలు

పోయిన వేసవి సెలవుల్లో మా పాత విద్యార్థి ఒకడు తిరుపతికి వచ్చి మమ్మల్ని కలిశాడు. చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకున్నవాడు. "సార్, తోడి రాగం స్వరాలన్నీ నా పియానోలో ఉన్నాయి. వరుసగా వాయిస్తే తోడిలా లేదు, ఎందుకు?" అని అడిగాడు. అతనికి మేము చెప్పిన జవాబే ఈ వ్యాసం.

'సి' కీని షడ్జం అనుకుందాం. తోడిలోని గాంధారం సాధారణ గాంధారం, అంటే 'ఇ ఫ్లాట్'. పియానో లెక్క ప్రకారం ఆ కీ నొక్కితే గాంధారం వచ్చినట్టే. కానీ తోడి పాడే గాయకుడి గొంతు ఆ చోట నిలబడదు. కింద శుద్ధ రిషభం ('డి ఫ్లాట్') దాకా దిగి, పైన శుద్ధ మధ్యమం ('ఎఫ్') వైపు లేచి, మళ్లీ దిగుతుంది. గొంతు ఎక్కువసేపు ఉండేది ఆ రెండు కొసల దగ్గరే. 'ఇ ఫ్లాట్' మీదుగా దాటిపోతుందంతే. అయినా మన చెవి రెండు స్వరాలు విన్నామనదు, ఒక్క 'గ' విన్నామంటుంది. ఇలా ఊగే గమకాన్ని కంపితం అంటారు. పియానో వాళ్లు స్వరానికి పెట్టే అలంకారం వేరు, ఇది వేరు. తోడిలో ఈ ఊపు తీసేస్తే నగ తీసేసినట్టు కాదు, స్వరమే పోయినట్టు.

దీనికి రుజువు మనకు తెలిసిన సంగీతంలోనే ఉంది. హిందుస్తానీ భైరవి థాట్‌కు కూడా ఇవే ఏడు కీలు. అక్కడ కోమల గాంధారాన్ని కదలకుండా నిలిపి పాడవచ్చు. ఠుమ్రీలు, గజళ్లు వినేవారికి ఆ రంగు బాగా పరిచయం. మా కుర్రవాడు పియానో మీద తోడి అనుకుని వాయించింది నిజానికి భైరవికి దగ్గరగా వినిపించింది. కీలు ఒకటే, గాంధారాలు రెండు.

"మరి రిషభాన్నీ మధ్యమాన్నీ వెంటవెంటనే వాయిస్తే సరిపోదా?" అన్నాడు. వాయించి చూడమన్నాం. రెండు స్వరాలు కొట్టుకుంటున్నట్టు వినిపించింది తప్ప ఒక్క స్వరం ఊగినట్టు లేదు. పియానోలో ప్రతి కీకి ఒక సుత్తి తీగను కొత్తగా కొడుతుంది. కొట్టిన మరుక్షణం నుంచి నాదం తగ్గుతూ పోతుంది. ఒక కీ నుంచి మరో కీకి మధ్యలో జారే దారి లేదు.

గమకం మాట అలా ఉంచి, నిలిచిన స్వరంలోనూ తేడా ఉంది. తంబుర షడ్జం తీగను మీటి శ్రద్ధగా వింటే ఆ నాదంలోనే అంతర గాంధారం సన్నగా వినిపిస్తుంది. అది షడ్జానికి 386 సెంట్ల ఎత్తున ఉంటుంది. పియానోలో పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు కాబట్టి అదే గాంధారం ('ఇ') 400 దగ్గర ఉంటుంది. ఈ 14 సెంట్ల తేడా చిన్నదే. అయినా తంబుర పక్కన నిలిపి వాయిస్తే పియానో గాంధారం కొంచెం హెచ్చుగా, అతకనట్టు తెలుస్తుంది. శ్రుతుల సూక్ష్మభేదం అంటే ఇదే.

రంధ్రాలున్న నాదస్వరం ఈ పని ఎలా చేస్తుందని అతని తర్వాతి ప్రశ్న. అక్కడ వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయవచ్చు, సగమే మూయవచ్చు, మెల్లగా తెరవవచ్చు. దానికి తోడు నోటిలోని పీకపై పెదవుల పట్టు, ఊపిరి బలం మార్చి స్వరాన్ని పైకీ కిందికీ లాగవచ్చు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా సాహెబ్ ఈ వాద్యంతోనే 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన రికార్డులు వింటే రంధ్రాల వాద్యం గొంతులా పలకడం తెలుస్తుంది.

చివరికి మేము చూపిన ఉపాయం ఒకటుంది. ఎలక్ట్రానిక్ కీబోర్డుకు ఎడమ పక్కన స్వరాన్ని వంచే చక్రం ఉంటుంది. చాలా కీబోర్డుల్లో అది రెండు కీల దూరం పైకి, రెండు కీల దూరం కిందికి వంచుతుంది. 'ఇ ఫ్లాట్' నొక్కి పట్టి చక్రాన్ని పూర్తిగా దించితే రిషభం, పూర్తిగా లేపితే మధ్యమం. కింద మొదలుపెట్టి కొసల దగ్గర క్షణం ఆగుతూ ఊపితే తోడి గాంధారం పోలిక వస్తుంది. గబగబా, సన్నగా వణికిస్తే మాత్రం చలికి వణికే గొంతులా ఉంటుంది. అలా వినిపించిందంటే ఊపు వెడల్పు చాలలేదని గుర్తు.

అయితే ఎంత ఊపాలో, ఎప్పుడు ఆపాలో చక్రం చెప్పదు. పక్కన వచ్చే స్వరాన్ని బట్టి, కాలాన్ని బట్టి అది మారుతుంది. అందుకే ముందు గొంతుతో పాడి, తర్వాత చక్రం తిప్పమన్నాం. మూడో రోజు సాయంత్రం ఫోన్లో వినిపించాడు. మిగతా స్వరాలు ఇంకా పియానోవే, గాంధారం మాత్రం తోడిది.