బిల్లు సరైనదే, పీవో నంబరే లేదు

సరుకు వేళకు చేరింది, లెక్కలో తప్పు లేదు, పన్ను సరిగ్గానే వేశారు. అయినా కొన్న కంపెనీ బిల్లును తిప్పికొట్టింది, పీవో వివరాలు లేవని. పెద్ద కంపెనీలకు సరుకు వేసే చిన్న సంస్థలకు ఈ మాట బాగా అలవాటే. అప్పుడు అమ్మినవాళ్ల అకౌంట్స్ విభాగానికి ఒక ఉత్తరం వెళ్తుంది. అది రాసే తీరును బట్టి పని రెండు రోజుల్లో తెమలనూ వచ్చు, రెండు నెలలు సాగనూ వచ్చు.

పీవో అంటే పర్చేజ్ ఆర్డర్. ఏ వస్తువు, ఎన్ని, ఏ ధరకు అని కంపెనీ ముందుగా రాసిచ్చే కాగితం. సరుకు దిగినప్పుడు స్టోర్సు వాళ్లు జీఆర్ఎన్ అనే రసీదు రాస్తారు. బిల్లు వచ్చాక సాఫ్ట్‌వేర్ ఈ మూడింటినీ పోల్చి చూస్తుంది. మూడూ కలిస్తేనే డబ్బు కదులుతుంది. పీవో నంబరు లేని బిల్లును దేనితో పోల్చాలో దానికి తెలియదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్‌లోని ఒక ఫ్యాక్టరీ నట్లు, బోల్టులు, వాషర్లకు కలిపి ఒకే పీవో ఇచ్చింది. అందులో లైన్ 10 నట్లు, లైన్ 20 బోల్టులు, లైన్ 30 వాషర్లు. ముందుగా 4,000 బోల్టులు వచ్చాయి. ఒక్కోటి 25 రూపాయల చొప్పున లక్ష, దానిపై 18 శాతం జీఎస్టీతో 1,18,000. బిల్లు తిరిగి వెళ్లాక ఫ్యాక్టరీ వాళ్లు ఇలా రాస్తే చాలు:

“అకౌంట్స్ విభాగం వారికి నమస్కారం. జూన్ 12 నాటి మీ 214వ నంబరు బిల్లు, రూ.1,18,000, మా సిస్టమ్‌లో తిరస్కరణకు గురైంది. సరుకు మీద గానీ ధర మీద గానీ మాకు అభ్యంతరం లేదు. 4,000 బోల్టులు అదే రోజు మా స్టోర్సుకు ముట్టాయి. బిల్లు మీద పీవో నంబరు లేకపోవడమే కారణం. దయచేసి అదే బిల్లు మీద పీవో 4500018726, లైన్ 20 అని చేర్చి పీడీఎఫ్ మళ్లీ పంపగలరు. బిల్లు నంబరు, తేదీ, మొత్తం మార్చవద్దు. కొత్త బిల్లు చేయవద్దు. చెల్లింపు గడువును జూన్ 12 నుంచే లెక్కిస్తాం.”

లైన్ నంబరు కూడా చెప్పడం చాదస్తం కాదు. ఉత్తరంలో అది లేకపోతే అవతలి గుమాస్తా మొదటి లైనే అనుకుని 10 వేస్తాడు. అక్కడ ఉన్నవి నట్లు, ధర 8 రూపాయలు. ఈసారి బిల్లు ధర కలవలేదని తిరిగొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘కొత్త బిల్లు చేయవద్దు’ అన్నది. చాలా ఉత్తరాల్లో “సరిచేసి కొత్త బిల్లు పంపండి” అని తేలిగ్గా రాసేస్తారు. అమ్మినవాళ్లు 231 నంబరుతో ఇంకో బిల్లు వేస్తారు. పాత 214 జీఎస్టీఆర్-1లో అలాగే ఉండిపోతే ఒకే సరుకుకు రెండుసార్లు పన్ను చూపినట్టవుతుంది. దాన్ని సరిదిద్దడానికి మళ్లీ క్రెడిట్ నోటు రాయాలి. నిజానికి బిల్లులో ఏమేం ఉండాలో చెప్పే జీఎస్టీ 46వ నిబంధన పీవో నంబరును తప్పనిసరి చేయలేదు. అది లేకపోయినా బిల్లు చట్టం దృష్టిలో చెల్లుతుంది. కొన్న కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే చెల్లదు.

5 కోట్ల టర్నోవర్ దాటి ఈ-ఇన్‌వాయిస్ వేసే సంస్థలు ఇక్కడే భయపడతాయి. ఐఆర్ఎన్ వచ్చేసిన బిల్లును ముట్టుకోవచ్చా అని. ఐఆర్ఎన్ తయారయ్యేది అమ్మినవారి జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, పత్రం రకం, ఆర్థిక సంవత్సరం నుంచి. క్యూఆర్ కోడ్‌లోనూ పీవో నంబరు ఉండదు. కాబట్టి అచ్చు కాపీ మీద ఆ నంబరు చేర్చినంత మాత్రాన రెండూ మారవు. రద్దు చేయాలంటే మాత్రం 24 గంటలే గడువు, పైగా రద్దైన బిల్లు నంబరును మళ్లీ వాడే వీలుండదు.

గడువు గురించిన వాక్యం మర్యాదకు రాసింది కాదు. అమ్మినది ఉద్యం నమోదు ఉన్న చిన్న తయారీ సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. సరుకు దిగిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దిగిన రోజే గడియారం మొదలైనట్టు. చట్టం చెప్పే అభ్యంతరం సరుకు మీద. బిల్లు మీద లేని నంబరు గురించి కాదు. అందుకే “బిల్లు సరిచేసిన రోజు నుంచి 45 రోజులు” అని రాసే కంపెనీలను నేను సమర్థించలేను.

ఈ ఉత్తరం పనికిరాని సందర్భం ఒకటుంది. మిషను ఆగిపోయిందని ఇంజనీరు ఫోన్‌లోనే బోల్టులు తెప్పించుకుంటాడు, అసలు పీవోనే ఉండదు. లేని నంబరును అమ్మినవాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? బిల్లు తేదీ కన్నా వెనక తేదీతో పీవో పుట్టిస్తే ఆడిటర్ల కంట పడుతుంది. అప్పుడు ఉత్తరం రాయాల్సింది అమ్మినవాళ్లకు కాదు, పైఅధికారి అనుమతితో పీవో వేయించమని ఆ ఇంజనీరుకే.