కేస్ షీట్‌లో ఉంది, బిల్లులో లేదు

డిశ్చార్జ్ రాశానని డాక్టరు గారు పొద్దున్నే చెప్పి వెళ్తారు. సంచులు సర్దుకుని, కారు మాట్లాడుకుని కూర్చున్న బంధువులకు మధ్యాహ్నం దాకా కౌంటర్లో ఒకటే మాట వినిపిస్తుంది: “ఫైలు ఆడిట్‌లో ఉందండీ.” ఆ ఫైలు ఎక్కడుంది, దాన్ని ఎవరు చూస్తున్నారు, ఏం వెతుకుతున్నారు అన్నది ఎవరూ చెప్పరు.

అక్కడ జరిగేది పోల్చి చూసే పని. ఒక పక్క కేస్ షీట్ ఉంటుంది. అందులో డాక్టరు రాసిన ఆర్డర్లు, స్టాఫ్ నర్సు నింపిన చార్టు, ఐసీయూలో గంటగంటకూ వేసిన అంకెలు ఉంటాయి. మరో పక్క బిల్లు. చేసిన ప్రతిదీ బిల్లులో ఉందా, బిల్లులో ఉన్న ప్రతిదీ నిజంగా చేశారా అని ఆడిటర్ రెండు వైపుల నుంచీ చూడాలి. మొదటి ప్రశ్న ఒక్కటే వేసి వదిలేస్తే అది ఆస్పత్రి తరఫున వసూలు పనిగా మిగులుతుంది, ఆడిట్ అనిపించుకోదు.

ఒక కేసు తీసుకుందాం. ఊహించి చెబుతున్నదే, రేట్లు కూడా లెక్క సులువుగా అర్థమవడానికి పెట్టుకున్నవే. కానీ ఇలాంటి తేడాలు ఏ ఐసీయూ ఫైల్లోనైనా కనిపించేవే. యాభై ఎనిమిదేళ్ల మనిషి న్యుమోనియాతో 5వ తేదీ మధ్యాహ్నం ఐసీయూలో చేరాడు. మొదట మాస్కుతో గాలి అందించే బైపాప్ పెట్టారు, రాత్రికి వెంటిలేటర్ వేశారు. కోలుకుని ఇంటికి వెళ్లే రోజుకు బిల్లు 2,14,000 రూపాయలు అయింది.

ఆడిటర్ ముందుగా ఐసీయూ చార్టు తెరుస్తారు. గొట్టం వేసింది 5వ తేదీ రాత్రి 11:40కి, తీసేసింది 8వ తేదీ ఉదయం 7:10కి. అంటే యాభై అయిదున్నర గంటలు. ఆ ఆస్పత్రి రేటు కార్డులో వెంటిలేటర్‌కు పన్నెండు గంటలకు 3,000 రూపాయలని ఉంది. ఆ లెక్కన అయిదు విడతలు, 15,000 అవుతుంది. బిల్లులో మాత్రం 6, 7, 8 తేదీలకు రోజుకు 6,000 చొప్పున 18,000 పడింది. ఎనిమిదో తేదీ పొద్దున్నే గొట్టం తీసేశారు గానీ, కంప్యూటర్లో ఆ చార్జీని ఎవరూ ఆపలేదు. కాబట్టి 3,000 ఎక్కువ.

అదే చార్టులో ఇంకో సంగతి ఉంది. వెంటిలేటర్‌కు ముందు సాయంత్రం 4 నుంచి 11:40 దాకా బైపాప్ నడిచింది. బిల్లులో దాని ఊసే లేదు. ఒక విడతకు 1,500 తగ్గింది.

తర్వాత ఫార్మసీ కాగితాలు చూస్తారు. అర్ధరాత్రి దాటాక ఒంటి గంటకు సెంట్రల్ లైన్ కిట్ ఒకటి ఐసీయూకు ఇచ్చినట్టు ఇండెంట్ ఉంది, దాని ఖరీదూ బిల్లులో పడింది. కానీ ఆ కిట్‌తో మెడ దగ్గర పెద్ద సిరలోకి గొట్టం వేసినందుకు ప్రొసీజర్ చార్జీ 4,000 ఎక్కడా లేదు. కిట్ ఉండి ప్రొసీజర్ లేకపోతే ఎక్కడో జారిపోయిందన్నమాట. ఫైల్లో డాక్టరు రాసిన ప్రొసీజర్ నోటూ, కుటుంబం సంతకం చేసిన అంగీకార పత్రమూ దొరికాయి కాబట్టి అనుమానం తీరింది. అవి లేకుంటే మాత్రం ఆడిటర్ ఆ చార్జీ వేయకూడదు. కిట్ విప్పి వాడకుండా పారేసి ఉండొచ్చు కదా.

రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఏబీజీ పరీక్ష స్లిప్పులు ఫైలుకు తొమ్మిది అంటించి ఉన్నాయి. బిల్లులో ఆరే ఉన్నాయి. ఒక్కోటి 900 చొప్పున 2,700 తగ్గింది. ఛాతీ ఫిజియోథెరపీ మాత్రం నాలుగు రోజులకు పడింది, నోట్స్ రెండు రోజులకే ఉన్నాయి. ‘నాలుగు రోజులూ చేశాను’ అని ఆ ఉద్యోగి అనొచ్చు. కానీ రాయనిది జరగనట్టే లెక్క. 1,200 తీసేయాలి.

మొత్తం చూస్తే బిల్లులోకి రానిది 8,200, అదనంగా పడింది 4,200. సవరించిన బిల్లు 2,18,000. నికరంగా తేడా నాలుగు వేలే కదా అని తేలిగ్గా తీసుకుంటే అసలు విషయం కనిపించదు. తప్పులు రెండు వైపులా ఉండి ఒకదాన్ని ఒకటి కప్పేశాయి. మొత్తం మాత్రమే చూసేవారికి ఈ బిల్లు దాదాపు సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది.

జారిపోయిన వాటిని గమనిస్తే ఒక పోలిక ఉంది. ల్యాబుకు పంపే పరీక్షలు, స్కానింగులు అరుదుగా తప్పుతాయి, ఎందుకంటే కంప్యూటర్లో ఆర్డర్ పడందే అక్కడ పని మొదలవదు. తప్పేవి మంచం పక్కన చేసేవి: బైపాప్, లైన్లు, డ్రెస్సింగులు, ఐసీయూలోనే ఉండే యంత్రం మీద చేసే ఏబీజీ. రాత్రి డ్యూటీలో మనిషి ఊపిరి అందక కొట్టుకుంటుంటే నర్సు ముందు మనిషిని చూస్తుంది గానీ కంప్యూటర్ని కాదు. అలాగే చూడాలి కూడా. అందుకే ఈ లోటును నర్సుల మీదకు నెట్టడం అన్యాయం. తెల్లారాక షిఫ్టు మారేటప్పుడు చార్టును, బిల్లును పక్కపక్కన పెట్టి చూసే మనిషిని పెట్టుకోవాల్సింది ఆస్పత్రే.

ఇదంతా డిశ్చార్జ్ రోజుకే మిగిల్చుకుంటే వ్యవధి చాలదు. 2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆ అభ్యర్థనతో వెళ్లేది తుది బిల్లే. అది వెళ్లాక ‘ఇంకో 8,200 మరిచిపోయాం’ అనడం కుదిరే పని కాదు. తొందరలో ఇంకో ప్రమాదమూ ఉంది. నోటు లేదని ఆడిటర్ అడగగానే పాత తేదీ వేసి నోటు రాసి తెచ్చేవాళ్లు ఉంటారు. చికిత్స రికార్డును బిల్లు కోసం దిద్దడం బిల్లు తప్పుకన్నా పెద్ద తప్పు. అందుకే ‘ఈ నోటు రాయించండి’ అనకుండా, ‘ఇది చేశారా, ఎక్కడ నమోదైంది?’ అని మాత్రమే అడగాలి.

ఇక రాయితీలు. పేదవారికి తగ్గించడంలో తప్పేమీ లేదు, తగ్గించాలి కూడా. ఎవరు ఎంతవరకు తగ్గించవచ్చో ముందే రాసి ఉందా, కారణం కాగితం మీద ఉందా అన్నదే ఆడిటర్ ప్రశ్న. ‘డాక్టరు గారు ఫోన్లో చెప్పారు’ అన్నది కారణం కాదు. పైన చెప్పిన వెంటిలేటర్ 3,000 లాంటి తప్పును రద్దు చేయకుండా రాయితీగా చూపడం ఇంకో అలవాటు. కుటుంబానికి అదే డబ్బు తగ్గినట్టుంటుంది గానీ, లెక్కల్లో వెంటిలేటర్ మూడు రోజులు నడిచినట్టే నిలిచిపోతుంది. తప్పు తప్పుగా బయటపడదు కనుక మళ్లీ జరుగుతుంది.

మోసం ఉన్నచోట సమయాలే పట్టిస్తాయి. ఇంకో ఊహా ఉదాహరణ: ఒకరు 64,000 నగదు కట్టారు, రసీదు సమయం రాత్రి 7:20. గేటు దగ్గర పాస్ ఇచ్చి వెళ్లిపోయింది 7:45కి. అదే బిల్లు మీద 9:50కి 6,000 రాయితీ, ఆ సొమ్ము నగదుగా తిరిగిచ్చినట్టు వోచరు. ఇంటికి వెళ్లిపోయిన మనిషికి రెండు గంటల తర్వాత డబ్బు ఎవరి చేతికిచ్చారు? వోచరు మీద పేషెంటు తరఫు సంతకం లేదు, అసలు రసీదు వెనక్కి తీసుకోలేదు. అందుకే ఆడిటర్ నెలలోని రాయితీలన్నింటినీ వరసగా పెట్టి, డబ్బు కట్టాక ఇచ్చినవి, ఒకే లాగిన్ నుంచి పదేపదే వచ్చినవి విడిగా తీస్తారు. ఆ తర్వాత పేషెంటు ఇంటికి ఫోన్ చేసి అడుగుతారు: “మీరు చివరికి ఎంత కట్టారండీ, రసీదు మీ దగ్గరుందా?”